ఏళ్ల తరబడి తెరవని ఉచిత స్టోరేజీ అకౌంట్ ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ, చుట్టాల ఫోన్లలోనూ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. "పాత ఫోటోలు ఇంకో జీమెయిల్‌లో ఉన్నాయి, ఇప్పుడు తెరుచుకోవట్లేదు" అనేది అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. హైదరాబాద్‌లో ఇంటింటా ఉండే రెండో అకౌంట్, మూడో అకౌంట్ దాదాపుగా గూగుల్‌వే కాబట్టి ఎక్కువ భాగం వాటి గురించే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రూలు ఏమిటి

వాడకపోతే గూగుల్ నిజంగానే అకౌంట్ తీసేస్తుందా, ఊరికే బెదిరింపా?

నిజంగానే తీసేస్తుంది. 2023 మే నెలలో ఈ పాలసీ ప్రకటించారు, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెండేళ్ల పాటు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్‌ను, అందులో ఉన్నవాటితో సహా తొలగించే హక్కు గూగుల్‌కు ఉంది. ఉన్నవాటితో సహా అంటే జీమెయిల్, డ్రైవ్, డాక్స్, క్యాలెండర్, ఫోటోలు అన్నీ. మొదట తెరిచి ఆ తర్వాత అసలే ముట్టుకోని అకౌంట్లతో మొదలుపెట్టి, దశలవారీగా తీసేస్తూ వస్తున్నారు.

గూగుల్ చెప్పిన కారణం భద్రత. చాలాకాలంగా పట్టించుకోని అకౌంట్లకు పాత పాస్‌వర్డే ఉంటుంది, అదే పాస్‌వర్డ్ ఇంకో పది చోట్ల వాడి ఉంటారు, రెండంచెల వెరిఫికేషన్ ఉండదు. అలాంటివి దొంగల చేతికి తేలిగ్గా చిక్కుతాయి. ఆ వాదనలో నిజం ఉంది. అయితే పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లకు అది చెప్పి ఓదార్చలేం.

నా అకౌంట్‌కి రోజూ మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. అది వాడుతున్నట్టు కాదా?

కాదు. బ్యాంకు ప్రకటనలు, షాపింగ్ ఆఫర్లు వచ్చి ఇన్‌బాక్స్‌లో పడటం మీరు చేసిన పని కాదు. మీరు లాగిన్ అయి ఉండి చేసిన పనినే లెక్కలోకి తీసుకుంటారు: మెయిల్ చదవడం, పంపడం, డ్రైవ్ వాడటం, యూట్యూబ్‌లో వీడియో చూడటం, ఫోటో షేర్ చేయడం, ప్లే స్టోర్‌లో యాప్ దించుకోవడం, లాగిన్ అయి గూగుల్‌లో వెతకడం, ఇంకో యాప్‌లోకి ఆ గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ కావడం. వీటిలో ఏ ఒక్కటి చేసినా చాలు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వాడకాన్ని అకౌంట్‌ను బట్టి లెక్కిస్తారు, ఫోన్‌ను బట్టి కాదు. ఒకే ఫోన్‌లో మూడు అకౌంట్లు ఉండి, మీరు రోజంతా యూట్యూబ్ చూస్తున్నా, ఆ చూడటం ఏ అకౌంట్ కింద జరుగుతోందో దానికే వాడకం పడుతుంది. మిగతా రెండూ అదే ఫోన్‌లో నిద్రపోతూనే ఉంటాయి. యూట్యూబ్‌లోనో, జీమెయిల్‌లోనో కుడివైపు పైమూల గుండ్రటి బొమ్మ నొక్కితే ప్రస్తుతం ఏ అకౌంట్ నడుస్తోందో కనిపిస్తుంది.

జీమెయిల్ రోజూ చూస్తాను, ఫోటోలు మాత్రం ఏళ్లుగా తెరవలేదు. ఫోటోలకు ఢోకా లేదు కదా?

ఉంది. ఇది చాలామందికి తెలియని రెండో రూలు. 2023 నాటిది అకౌంట్ మొత్తానికి సంబంధించిన రూలు. అంతకు ముందే, 2021 జూన్ 1 నుంచి, జీమెయిల్‌కి వేరుగా, డ్రైవ్‌కి వేరుగా, ఫోటోలకు వేరుగా ఇంకో రూలు నడుస్తోంది. వీటిలో దేన్ని రెండేళ్లు ముట్టుకోకపోతే దానిలో ఉన్నవాటిని తొలగించవచ్చు. అప్పుడు అకౌంట్ బతికే ఉంటుంది, మెయిల్ పనిచేస్తూనే ఉంటుంది, ఫోటోలు మాత్రం ఖాళీ అయ్యే వీలుంది. తొలగించడానికి కనీసం మూడు నెలల ముందు తెలియజేస్తామని గూగుల్ చెబుతోంది.

కాబట్టి పాత అకౌంట్‌ను నిలబెట్టుకోవాలని కూర్చున్నప్పుడు మెయిల్ చూసి మూసేయకండి. photos.google.com, drive.google.com కూడా తెరిచి, ఒకటి రెండు ఫోటోలు, ఒక ఫైలు చూడండి.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది. డబ్బులు కట్టలేదు, ఏదీ తీసేయలేదు. అలాగే వదిలేస్తే?

ముందుగా మెయిల్ ఆగిపోతుంది. మీకు రాదు, మీరు పంపలేరు. కొత్త ఫోటోలు బ్యాకప్ కావు. పరిమితి దాటిన స్థితిలోనే రెండేళ్లు ఉంచితే, మీరు రోజూ లాగిన్ అవుతున్నా సరే, అందులోనివి తొలగించే అవకాశం ఉంది. నిండటానికి కారణం ఫోటోలే కానక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి అది కూడా ఈ 15 జీబీలోనే పడుతోంది. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ బ్యాకప్ అవుతుంటే నిండక ఏం చేస్తుంది!

ఎవరి అకౌంట్లకు ఈ రెండేళ్ల రూలు వర్తించదు?

ఆఫీసు, స్కూలు, కాలేజీ ఇచ్చిన అకౌంట్లకు ఇది వర్తించదు. వాటిని ఉంచడం, తీయడం ఆ సంస్థ ఇష్టం. వ్యక్తిగత అకౌంట్లలో అయితే, దానితో ప్రస్తుతం నడుస్తున్న గూగుల్ సబ్‌స్క్రిప్షన్ ఉన్నా, గిఫ్ట్ కార్డు డబ్బు మిగిలి ఉన్నా, పుస్తకమో సినిమానో కొని ఉన్నా, పిల్లల అకౌంట్‌ను ఫ్యామిలీ లింక్‌తో దాన్నుంచి నడుపుతున్నా వాడకంలో ఉన్నట్టే చూస్తారు. యూట్యూబ్‌లో వీడియోలు పెట్టిన అకౌంట్లను ప్రస్తుతానికి తొలగించే ఉద్దేశం లేదని ప్రకటన సమయంలో చెప్పారు. "ప్రస్తుతానికి" అన్న మాటను నమ్ముకుని నిశ్చింతగా కూర్చోవద్దనే నేనంటాను.

వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, ఐక్లౌడ్ సంగతి?

వాటి గడువు ఇంకా తక్కువ. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి రెండేళ్లు, కానీ దానిలోని వన్‌డ్రైవ్‌ను, అవుట్‌లుక్ ఇన్‌బాక్స్‌ను విడివిడిగా ఏడాదికి ఒక్కసారైనా తెరవాలి. డ్రాప్‌బాక్స్ ఉచిత అకౌంట్‌ను 12 నెలలు వరసగా వాడకపోతే, ముందుగా తెలియజేసి మూసేయవచ్చు. ఐక్లౌడ్‌లో ఫోన్ బ్యాకప్ మీరు ఆపేసిన తర్వాత 180 రోజులే ఉంటుంది. ఐఫోన్ అమ్మేసి ఆండ్రాయిడ్‌కి మారినవాళ్లు "బ్యాకప్ అక్కడ ఉందిలే" అనుకుని ఈ ఆరు నెలలు ఇట్టే దాటించేస్తారు.

## హెచ్చరికలు ఎందుకు అందవు

తీసేసే ముందు చెబుతారన్నారు. నాకు ఒక్క మెయిల్ కూడా రాలేదే?

వచ్చే ఉంటుంది, మీరు చూడని చోటికి. గూగుల్ తొలగించే ముందు కొన్ని నెలల పాటు పదే పదే నోటీసులు పంపుతుంది. అవి రెండు చోట్లకు వెళతాయి: ఒకటి ఆ అకౌంట్‌లోని జీమెయిల్‌కే, రెండోది మీరు రికవరీ ఈమెయిల్, అంటే అకౌంట్ చిక్కుబడితే తెరుచుకోవడానికి ముందే ఇచ్చే ఇంకో అడ్రస్, ఇచ్చి ఉంటే దానికి. మొదటిదాన్ని రెండేళ్లుగా తెరవలేదు కాబట్టే ఈ నోటీసు వస్తోంది. అంటే అక్కడికి వచ్చిన ఉత్తరం చదివేవాళ్లు లేరు. ఇక మిగిలింది రికవరీ ఈమెయిల్ ఒక్కటే.

ఆ ఒక్కటీ సరిగా ఉంటే అకౌంట్ బతుకుతుంది. లేకపోతే పోతుంది. రికవరీ ఈమెయిల్ ఇవ్వనివాళ్లు కొందరు. ఇచ్చినా, కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్, పాత కంపెనీ మెయిల్, లేదా ఇదే అకౌంట్‌లా మూలనపడ్డ ఇంకో జీమెయిల్ ఇచ్చినవాళ్లు కొందరు. నిద్రపోయే అకౌంట్‌కి నిద్రపోయే అకౌంట్‌నే కాపలా పెడితే ఫలితం ఉండదు. మీరు రోజూ తెరిచే అడ్రసే రికవరీగా ఉండాలి.

ఒక అకౌంట్ ఎలా పోతుందో తేదీలతో సహా చెప్పగలరా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. 2021 జూన్ 1 దాకా గూగుల్ ఫోటోలలో కొంచెం నాణ్యత తగ్గించి ఎన్ని ఫోటోలైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. ఆ రోజు నుంచి కొత్త ఫోటోలన్నీ 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. ఆ ఏడాది చివరికి అమ్మ అకౌంట్ నిండింది. ఇంజినీరింగ్ చదువుతున్న కూతురు "డబ్బులెందుకమ్మా, ఇంకోటి తెరుద్దాం" అని అమ్మ పేరు మీద రెండో జీమెయిల్ తెరిచింది. రికవరీ నంబర్‌గా ఇంట్లో ఉన్న రెండో సిమ్, రికవరీ ఈమెయిల్‌గా తన కాలేజీ మెయిల్ ఇచ్చింది. చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఫోటోలు, తాతయ్య షష్టిపూర్తి వీడియోలు అందులోకి ఎక్కాయి.

2022 మే 20న ఆ ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశారు. కొత్త ఫోన్‌లో అమ్మ మొదటి అకౌంట్ మాత్రమే పెట్టారు. అప్పటికి ఎవరికీ ఏమీ అనిపించలేదు, ఎందుకంటే ముఖ్యమైన ఫోటోలు వాట్సాప్‌లో కూడా ఉన్నాయి. రెండో సిమ్‌కి రీఛార్జ్ మానేశారు, కొన్ని నెలల్లో అది ఆగిపోయింది. 2023లో కూతురు చదువు ముగిసింది, కాలేజీ ఆ మెయిల్ మూసేసింది.

2024 మే 20కి రెండేళ్లు నిండాయి. అంతకు ముందు నెలల్లో వచ్చిన నోటీసుల్లో ఒకటి రెండో జీమెయిల్‌కి వెళ్లింది, తెరిచేవాళ్లు లేరు. ఇంకోటి కాలేజీ మెయిల్‌కి వెళ్లింది, ఆ మెయిల్ పెట్టే లేదు. ఆ తేదీ దాటాక అకౌంట్ తొలగింపుకు అర్హమైంది. సరిగ్గా ఆ రోజే తీసేస్తారని కాదు. రేపు తీయవచ్చు, ఆరు నెలల తర్వాత తీయవచ్చు. 2025లో ఎవరో షష్టిపూర్తి వీడియో అడిగితే లాగిన్ కాబోయారు. తెరమీద వచ్చింది ఇది: `Couldn't find your Google Account`.

దీన్ని మూడు చోట్ల ఆపి ఉండొచ్చు. ఫోన్ ఇచ్చేసిన రోజు కొత్త ఫోన్‌లో రెండో అకౌంట్ కూడా పెట్టి, అప్పుడప్పుడు తెరుస్తూ ఉంటే సరిపోయేది. చదువు ముగిసినప్పుడు రికవరీ మెయిల్‌ను అమ్మ మొదటి జీమెయిల్‌కి మార్చి ఉన్నా నోటీసు కళ్లబడేది. 2024 మే లోపు ఎప్పుడైనా ఒక్కసారి తెరిచినా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

రికవరీ నంబర్ పాత సిమ్‌ది. పాస్‌వర్డ్ గుర్తుంది కదా, ఫర్వాలేదా?

పాస్‌వర్డ్ ఒక్కటే చాలకపోవచ్చు. చాలాకాలం తర్వాత కొత్త ఫోన్ నుంచి లాగిన్ అయితే గూగుల్‌కి అనుమానం వచ్చి, పాత నంబర్‌కి ఓటీపీ పంపుతానంటుంది. ఆ సిమ్ లేకపోతే అక్కడే ఆగిపోతారు.

మన దేశంలో ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ ఆపేయవచ్చు. ఆపేసిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత కొత్తవాళ్లకు ఇచ్చేయవచ్చు. అకౌంట్‌కి రెండేళ్ల గడువు ఉంటే దాని తాళంచెవి లాంటి సిమ్‌కి ఉన్నది మూడు నెలలే. ముందుగా పోయేది ఎప్పుడూ సిమ్మే. నంబర్ ఇంకొకరి చేతికి వెళ్లాక మీ ఓటీపీ వాళ్ల ఫోన్‌కి వెళుతుంది, అది ఇంకో తలనొప్పి. రెండో సిమ్ వదిలేద్దామనుకున్న రోజే, అది పనిచేస్తుండగానే, myaccount.google.com లో నంబర్ మార్చేయండి.

ఈ జీమెయిల్ జిరాక్స్ షాపతను తెరిచి ఇచ్చాడు. ఇప్పుడెలా?

మన దగ్గర ఇది చాలా ఎక్కువ. పాస్‌పోర్ట్ అప్లికేషన్‌కో, పిల్లల ఎంట్రన్స్ పరీక్షకో మెయిల్ ఐడీ కావాల్సి వస్తే, మీసేవ పక్కనున్న షాపులో అప్పటికప్పుడు ఒకటి తెరుస్తారు. పాస్‌వర్డ్ అప్లికేషన్ జిరాక్స్ కాగితం వెనకాల పెన్నుతో రాసిస్తారు. క్యూలో పదిమంది ఉంటారు కాబట్టి ఓటీపీ కోసం అతను తన సొంత నంబరే కొట్టేసి ఉండొచ్చు.

ముందు ఆ కాగితం వెతకండి. పాస్‌వర్డ్ పనిచేసి లోపలికి వెళ్లగలిగితే, సెక్యూరిటీ పేజీలో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ ఎవరివో చూసి రెండూ మీవి పెట్టండి, పాస్‌వర్డ్ మార్చండి. ఓటీపీ అడిగి ఆగిపోతే, షాపు ఇంకా ఉందేమో వెళ్లి, అతన్ని ఎదురుగా పెట్టుకుని ఆ నంబర్‌కి వచ్చిన కోడ్‌తో తెరవండి. తెరిచిన వెంటనే అతని నంబర్ తీసేయండి. షాపే లేకపోతే అవకాశాలు బాగా తగ్గిపోతాయి.

"మీ అకౌంట్ 24 గంటల్లో డిలీట్ అవుతుంది, ఈ లింక్ నొక్కండి" అని వచ్చింది. నిజమేనా?

24 గంటల హడావుడే అనుమానించాల్సిన గుర్తు. గూగుల్ నోటీసులు నెలల ముందు నుంచి వస్తాయి, మెయిల్‌లో పాస్‌వర్డ్ అడగవు. ఆ పాలసీ వార్తల్లోకి వచ్చాక దాని పేరు చెప్పి మోసాలు చేయడం దొంగలకు సులువైంది. నిజమో కాదో తేల్చుకోవడానికి లింక్ అవసరమే లేదు: బ్రౌజర్‌లో మీరే accounts.google.com అని టైప్ చేసి లాగిన్ కండి. నోటీసు నిజమైనదైతే ఆ లాగిన్‌తోనే గడువు సంగతి కూడా తీరిపోతుంది. ఇప్పటికే లింక్ నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చండి. డబ్బు కూడా పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి.

## అకౌంట్ ఇంకా ఉన్నప్పుడు

ఎన్ని జీమెయిల్స్ తెరిచానో నాకే గుర్తులేదు. ఎలా కనుక్కోవాలి?

accounts.google.com/signin/usernamerecovery అనే పేజీలో మీ ఫోన్ నంబర్ గానీ, రికవరీ ఈమెయిల్ గానీ, దానితో పాటు పేరు కూడా అడుగుతారు. తర్వాత పంపే కోడ్ సరిపోతే ఆ నంబర్‌కి ముడిపడిన అకౌంట్లు చూపిస్తుంది. పేరు తెరిచినప్పుడు ఇచ్చినట్టే ఉండాలి, ఇంటి పేరు ముందో వెనకో అని రెండు రకాలుగా ప్రయత్నించండి. ఇంకో దారి ఉంది. మీరు రోజూ వాడే అకౌంట్‌లో క్రోమ్ దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు passwords.google.com లో ఉంటాయి. అక్కడ google.com అని వెతికితే మరచిపోయిన అడ్రసులు పాస్‌వర్డ్‌తో సహా బయటపడటం మామూలే.

ఒక్కసారి లాగిన్ అయితే చాలా?

గడువు మళ్లీ మొదలవడానికి చాలు. కానీ మళ్లీ రెండేళ్లకు ఇదే టెన్షన్ రాకుండా ఆ కాసేపట్లో ఇంకొన్ని పనులు చేయండి. రికవరీ ఈమెయిల్‌గా రోజూ చూసేది పెట్టండి. ఫోన్ నంబర్ సరిచేయండి. ఫోటోలు, డ్రైవ్ తెరిచి కదిలించండి. తర్వాత ఏటా ఒకే రోజున తెరిచేలా ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. పిల్లల పుట్టినరోజు పెట్టుకుంటే, ఆ రోజు పాత ఫోటోలు ఎలాగూ చూడబుద్ధవుతుంది. రిమైండర్‌ను మాత్రం రోజూ వాడే అకౌంట్ క్యాలెండర్‌లోనే పెట్టాలి.

అందులో ఉన్నదంతా దించేసుకుని గొడవ వదిలించుకోవచ్చా?

చేయవచ్చు, నా లెక్కలో అదే మంచిది. takeout.google.com తెరిచి, ముందు అన్నిటి టిక్ తీసేసి, Google Photos, Drive, Mail మాత్రం ఎంచుకోండి. జిప్ ఫైలు ఎంత సైజు ముక్కలుగా రావాలో అడుగుతుంది. ఇంటి ఇంటర్నెట్ మధ్యలో తెగే రకమైతే 2 జీబీ ముక్కలు తీసుకోండి, ఒకటి చెడినా దాన్నే మళ్లీ దించుకోవచ్చు. సిద్ధమవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. సిద్ధమయ్యాక లింక్ మెయిల్‌కి వస్తుంది, అది దాదాపు వారం రోజులే పనిచేస్తుంది. అభ్యర్థన పెట్టి, ఆ మెయిల్ చూడటం మరచిపోయేవాళ్లు చాలామంది.

ఫోటోల పక్కన అదే పేరుతో `.json` అని చిన్న ఫైళ్లు కూడా కనిపిస్తాయి. చెత్త అనుకుని తీసేయకండి, ఫోటో ఎప్పుడు, ఎక్కడ తీశారనే వివరాలు వాటిలో ఉంటాయి. అన్ని జిప్‌లూ విప్పి, కొన్ని ఫోటోలు, ముఖ్యంగా వీడియోలు, తెరుచుకుంటున్నాయో చూశాకే పని అయినట్టు.

ఆ ఆల్బమ్ చుట్టాలందరికీ షేర్ చేశాను. నా అకౌంట్ పోయినా వాళ్ల దగ్గర ఉంటుంది కదా?

వాళ్ల దగ్గర ఉన్నది చూసే వీలు మాత్రమే, ఫోటోలు కావు. ఫైలు యజమాని అకౌంట్ పోతే అది అందరికీ పోతుంది. ఆల్బమ్‌ను అమెరికాలో ఉన్న అన్నయ్య ప్రతి వారం చూస్తున్నా, అది అతని అకౌంట్ వాడకం, మీది కాదు. పోకుండా ఉండాలంటే వాళ్లు ఆ ఫోటోలను తమ అకౌంట్‌లోకి సేవ్ చేసుకోవాలి, అప్పుడు వాళ్ల 15 జీబీలోంచి జాగా పడుతుంది. డ్రైవ్ ఫైళ్లయితే యజమానిని మార్చవచ్చు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి.

## పోయిందని అనుమానం వచ్చాక

అకౌంట్ పోయిందా, పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నానా? ఎలా తెలుస్తుంది?

లాగిన్ పేజీలో మొదటి మెట్టులోనే తెలుస్తుంది. అడ్రస్ కొట్టి ముందుకు వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగితే అకౌంట్ ఉన్నట్టే, సమస్య పాస్‌వర్డ్‌ది. పాస్‌వర్డ్ దాకా వెళ్లకుండానే `Couldn't find your Google Account` అంటే అడ్రస్ తప్పైనా అయ్యుండాలి, అకౌంట్ పోయైనా ఉండాలి. అడ్రస్‌లో అంకెలు, స్పెల్లింగ్ సరిచూడండి. లక్ష్మిని lakshmi అని రాశారా, laxmi అని రాశారా అన్నది ఇక్కడ పెద్ద విషయమే. చుక్కల గురించి దిగులు వద్దు, జీమెయిల్ వాటిని పట్టించుకోదు.

ఇంకో పరీక్ష: వేరే అకౌంట్ నుంచి దానికి ఒక మెయిల్ పంపండి. తిరిగొచ్చిన సందేశంలో `550 5.1.1` అని, ఆ అకౌంట్ లేదని ఉంటే పోయినట్టే. `5.2.2` అని, పరిమితి దాటిందని ఉంటే సంతోషించండి, అకౌంట్ ఉంది, నిండిపోయిందంతే.

డిలీట్ అయిన అకౌంట్ తిరిగి వస్తుందా?

ఇటీవలే పోయి ఉంటే వచ్చే అవకాశం ఉంది. g.co/recover తెరిచి, ఇంతకు ముందు ఆ అకౌంట్ వాడిన ఫోన్ నుంచి లేదా కంప్యూటర్ నుంచి, వీలైతే అదే ఇంటి వైఫై మీద ప్రయత్నించండి. పాత పాస్‌వర్డ్‌లలో ఏది గుర్తుంటే అది ఇవ్వండి, "తెలియదు" అని దాటేయకండి. చాలాకాలం గడిచిపోతే అకౌంట్ గానీ, అందులోనివి గానీ తిరిగి రావు. డబ్బు తీసుకుని తెచ్చిస్తామనే యూట్యూబ్ కామెంట్లను, టెలిగ్రామ్ నంబర్లను నమ్మకండి. గూగుల్ సర్వర్‌లో తుడిచేసినదాన్ని అమీర్‌పేటలో కూర్చుని ఎవరూ తేలేరు.

అకౌంట్ పోయినా ఫోటోలు ఇంకోచోట ఉండొచ్చు: ఎక్స్చేంజ్‌లో ఇవ్వకుండా బీరువాలో పడేసిన పాత ఫోన్, మెమరీ కార్డు, అప్పట్లో పంపిన వాట్సాప్ గ్రూపు, ఫంక్షన్ తీసిన ఫోటోగ్రాఫర్ హార్డ్ డిస్క్.

అదే అడ్రస్‌తో కొత్త జీమెయిల్ తెరవచ్చా?

తెరవలేరు, ఇంకెవరూ తెరవలేరు. మీ పాత అడ్రస్ దొంగల చేతికి వెళ్లదు కాబట్టి ఇందులో మంచీ ఉంది. కానీ ఆ మెయిల్ బ్యాంకులోనో, ఆధార్‌లోనో, పీఎఫ్‌లోనో ఉంటే అక్కడికి పంపే ఉత్తరాలు, ఓటీపీలు ఇక మీకు చేరవు. ఒక్కో చోట కొత్త అడ్రస్ ఇచ్చుకుంటూ రావాలి.

## ఇంట్లో పెద్దవాళ్ల అకౌంట్లు

నాన్నగారు పోయారు. ఆయన అకౌంట్‌లో ఫోటోలు ఉన్నాయి, పాస్‌వర్డ్ తెలియదు.

గడువు ఆయన చివరిసారి వాడిన రోజు నుంచి నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ ఆగదు. ముందు ఆయన ఫోన్ చూడండి. అందులో అకౌంట్ తెరిచి ఉంటే, ఇంట్లో అందరి అంగీకారంతో ఫోటోలు దాచుకోవడం అన్నిటికంటే సులువు. అందుకే ఫోన్‌ను రీసెట్ చేసి మనవడికి ఇచ్చేయకండి, సిమ్‌కి రీఛార్జ్ ఆపకండి.

ఫోన్ కూడా తెరుచుకోకపోతే గూగుల్‌లో మరణించినవారి అకౌంట్‌కి సంబంధించిన అభ్యర్థన ఫారం ఉంది. మీ గుర్తింపు కార్డు, మరణ ధ్రువపత్రం జత చేయాలి. పత్రం తెలుగులో ఉంటే నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం కావాలి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. కొన్ని సందర్భాల్లో మాత్రమే అందులోనివి ఇస్తారు, అది వాళ్లు పరిశీలించి తీసుకునే నిర్ణయం.

నా తర్వాత నా ఫోటోలు పిల్లలకు అందేలా ఇప్పుడే ఏర్పాటు ఉందా?

ఉంది. myaccount.google.com/inactive తెరవండి. ఎంతకాలం మీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే గూగుల్ కదలాలో మీరే ఎంచుకోవచ్చు: 3, 6, 12, లేదా 18 నెలలు. గడువుకు ముందు మీ ఫోన్‌కి, మెయిల్‌కి సందేశాలు పంపి చూస్తారు. జవాబు లేకపోతే, మీరు పేర్కొన్న పదిమంది దాకా నమ్మకస్తులకు కబురు వెళుతుంది. ఏమేమి చూడనివ్వాలో మీరు ముందే నిర్ణయించి ఉంటారు, వాళ్లకు దించుకోవడానికి మూడు నెలలు ఉంటుంది.

అదే పేజీ చివర, ఆ తర్వాత అకౌంట్ డిలీట్ చేయాలా అని ఒక ప్రశ్న ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉండి మెయిల్ ఆలస్యంగా చూసే రకమైతే దాన్ని ఆన్ చేయకండి. పేర్లు ఇచ్చాక వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే ఆ కబురు మెయిల్ వచ్చినప్పుడు మోసమనుకుని వాళ్లే డిలీట్ చేస్తారు.